విశ్వసనీయ వర్గం

ఆరోగ్యమ్మకు అక్షరం ముక్క రాదు. వేలిముద్ర వేయమన్నా ఏ వేలు వెయ్యాలో అడిగి మరీ వేసేది. అయినా ఆ రోజుల్లో మాచర్ల స్టేషన్ వీధిలో ఎవరికైనా పేపర్లో ఏముందో తెలియాలంటే ఆమె బొరుగులు వేయించే మట్టి మంగలం దగ్గరికే వచ్చేవాళ్లు. పఠనమందిరం అరుగు పక్కనే ఆమె పొయ్యి. మధ్యాహ్నం రైలుకు మద్రాసు పేపరు ఒక రోజు పాతదై దిగేది. బడి వదిలాక ఐజాక్ మాస్టారు అరుగెక్కి దాన్ని మొదటి పేజీ నుంచి తలనూనె ప్రకటన దాకా బిగ్గరగా చదివేవాడు. ఆరోగ్యమ్మ ఇసుకలో బొరుగులు తిప్పుతూ వినేది. ఒక్కసారి విన్నది చాలు, ఆమె బుర్రలో అతికిపోయేది. ఏ రోజు ఏ వార్త ముందొచ్చింది, ఏది తర్వాత వచ్చింది, చదివేటప్పుడు మాస్టారికి ఎక్కడ దగ్గొచ్చింది, అన్నీ గుర్తే.

పొలం నుంచి ఆలస్యంగా వచ్చినవాళ్లు, బండ్లు తోలుకొచ్చినవాళ్లు, చదివేటప్పుడు కునికినవాళ్లు ఆమెను అడిగేవాళ్లు. ఆమె చెప్పేది. మాస్టారు ఊరికే చదివి దిగిపోతాడు, ప్రశ్నలకు జవాబు చెప్పడు. "పేపర్లో ఉన్నది అంతే నాయనా" అంటాడు. ఆరోగ్యమ్మ అలా కాదు. ఏ ప్రశ్న అడిగినా జవాబిచ్చేది. నలభై ఎనిమిదో సంవత్సరం శ్రావణం దాకా ఆమె నోట "తెలియదు" అనే మాట విన్నవాళ్లు లేరు.

ఆ ఏడు అందరికీ ఒకటే ప్రశ్న. కృష్ణ అవతల నైజాంలో ఏం జరుగుతోంది? రజాకార్లు ఊళ్ల మీద పడుతున్నారని, అటు నుంచి జనం పుట్టీ పడవల మీద ఏరు దాటి పిల్లలతో, మూటలతో ఇటు వస్తున్నారని రోజూ వింటున్నారు. వచ్చినవాళ్లను చూశారు కూడా. అబద్ధమేమీ కాదది. కానీ ఎవరు ఎంతమంది, ఎక్కడ, ఎప్పుడు అంటే మాత్రం ఎవరి లెక్క వాళ్లది. మద్రాసు పేపరు నలభై మంది అంటే మర్నాటికి నాలుగు వందలనేది. అవతలి రేడియో పెడితే, నైజాంలో రైతులు సుఖంగా ఉన్నారనీ, వానలు బాగా పడ్డాయనీ, మద్రాసు పేపర్లు కట్టుకథలు రాస్తున్నాయనీ చెప్పేది. వానల సంగతి మాత్రం నిజమే.

రేడియో అంటే గుర్తొచ్చింది. ఆ వేసవిలోనే పంచాయతీ ఆఫీసులో ఒక రేడియో పెట్టె పెట్టారు. దానితో ఆరోగ్యమ్మకు కష్టం వచ్చి పడింది. సాయంత్రం పూట ఆమె చుట్టూ మూగే జనంలో సగం మంది అటు పోవడం మొదలుపెట్టారు. పెట్టెకు మంగలం లేదు, పొగ లేదు, పైగా మద్రాసు నుంచి నేరుగా మాట్లాడుతుంది.

ఆగస్టు నెలాఖరులో ఒక సోమవారం కోటయ్య బండి ఆపి వచ్చాడు. కోటయ్య బండి తోలుకునే మనిషి. అడిగరావుపేట నుంచి పిడుగురాళ్ల దాకా సరుకుతో పాటు మాటలూ చేరవేసేవాడు.

"ఏంది పిన్నీ, ఇయ్యాల సరుకేమీ లేదా?" అన్నాడు బొరుగులు గుప్పెడు నోట్లో వేసుకుంటూ.

"ఉంది. ఏరు పక్క ఊళ్లోళ్లు జాగర్తగా ఉండాలని సర్కారు చెప్పింది."

"అది నిన్న రేడియోలో విన్నాలే. సరే, నే పోతన్నా. రేడియోకి టైమైంది."

"ఉండరా, ఏం తొందర?"

"మరి చెప్పు. రజాకార్లకి మనూళ్లో మనుషులు ఉన్నారంటావా?"

ఆ రోజు పేపర్లో మాచర్ల పేరే లేదు. ఉన్నదల్లా, బెజవాడ ఎగువన ఏదో రేవు దగ్గర రాత్రిపూట లాంతరు వెలుగు కనిపించిందనీ, పోలీసులు పోయి చూస్తే అది చేపలు పట్టేవాళ్ల దీపమనీ. అయిదు వరుసల వార్త. మొదటి మూడు వరుసల్లో లాంతరు, చివరి రెండు వరుసల్లో చేపలు. ఆరోగ్యమ్మకు అయిదూ గుర్తున్నాయి. కానీ కోటయ్య ఒక కాలు అప్పుడే బండి మీద పెట్టాడు.

"లేకుండా ఉంటారా? ఇక్కణ్ణుంచి ఎవరో దీపం చూపకుండానే అవతలోళ్లకి దారి ఎట్టా తెలుస్తది?" అంది. రెండుసార్లు ఊపడమంటే తక్కువగా అనిపించి, "మూడుసార్లు ఊపుతారంట" అని కలిపింది.

కోటయ్య కాలు దించాడు. ఆ సాయంత్రం రేడియోకి పోలేదు. ఆరోగ్యమ్మ కడుపు నిండింది.

నాలుగో రోజు శుక్రవారం. ఐజాక్ మాస్టారు పేపరు విప్పి, రెండో పేజీలో ఒకచోట ఆగిపోయాడు. దగ్గు రాకుండానే ఆగాడు. అందరి వంకా ఒకసారి చూసి చదివాడు.

"మాచర్లలో సైగ దీపాలు. రజాకార్ల చారులు సంచరిస్తున్నారా? మా విలేఖరి. మాచర్ల పట్టణమునందు ఒక మిద్దెపై నుండి ప్రతి సాయంకాలము లాంతరును ముమ్మారు ఊపి నైజాము వారికి సైగలు చేయుచున్నట్లు విశ్వసనీయ వర్గముల వలన తెలియవచ్చినది. ప్రజలు ఆందోళన చెందుచున్నారు."

అప్పటిదాకా ఎవరూ ఆందోళన చెందలేదు. పేపరు చెప్పాక మొదలుపెట్టారు.

మిద్దె మీద దీపం అనగానే అందరూ ఒకవైపే చూశారు. వీధికి అవతల గులాం మొహిద్దీన్ కొట్టు. పెట్రోమాక్స్ లైట్లు, గొడుగులు, తాళాలు బాగుచేసేవాడు. గురజాలలో పుట్టి, మాచర్లలో పెళ్లి చేసుకుని, ఈ రెండు ఊళ్ల మధ్యే నలభై ఏళ్లు తిరిగిన మనిషి. ఒకసారి కొట్లో గ్యాసు లైటు వెలిగించి చూస్తుంటే మంట లేచి గొడుగులు కాలిపోయాయి. అప్పటి నుంచి బాగుచేసిన లైట్లను సాయంత్రం మిద్దె మీదకు తీసుకుపోయి వెలిగించి చూసుకునేవాడు. మాచర్లకూ కృష్ణకూ మధ్య పది పన్నెండు మైళ్ల పైమాటే. నడుమ కొండలు. మిద్దె మీద దీపం కాదు, మిద్దెకే నిప్పంటించినా ఏటి అవతల కనపడదు. ఆ సంగతి ఊళ్లో అందరికీ తెలుసు. ఆ వారం ఎవరికీ గుర్తు రాలేదు.

శనివారానికి ఇద్దరు తమ కళ్లతో చూశామన్నారు. సోమవారానికి ఏడుగురయ్యారు. అంతలో అవతలి రేడియో కూడా అందుకుంది. మాచర్లలో సైగ దీపాలన్నది మద్రాసు పేపర్ల కల్పన అని చెప్పింది. దాంతో నమ్మనివాళ్లు కూడా నమ్మారు.

"అబద్ధమైతే వాళ్లు కాదని ఎందుకు చెప్పుకుంటారు?" అన్నాడు కోటయ్య. "భుజాలు తడుముకోవటం గాదూ?"

అటు మద్రాసు పేపరు ఇంకోటి ఈ సంగతే రాసింది, మొదటి పేపరును చూసి. మాస్టారు రెండూ చదివాడు. రెండు పేపర్లు రాశాయి కాబట్టి రెండు రుజువులయ్యాయి.

రక్షణ కమిటీ ఒకటి వెలిసింది. దానికి అంకిరెడ్డి పెద్ద. మంచి పలుకుబడి ఉన్న రైతు, ఊళ్లో ఏ సభ అయినా మొదటి కుర్చీ ఆయనదే. గులాం మొహిద్దీన్‌తో పాటు ఆ వీధిలోని అయిదు ముస్లిం కుటుంబాలను ఏరు దాటించి పంపెయ్యాలని కలెక్టరుకు మహజరు పెట్టాలన్నారు. ఆదివారం సాయంత్రం పఠనమందిరం అరుగు మీద అందరూ సంతకాలు పెట్టాలని టముకు వేయించారు.

ఆ రోజు నుంచి గులాం మొహిద్దీన్ కొట్టుకు ఒక గొడుగు కూడా రాలేదు. పైన వాన పడుతూనే ఉంది. బుధవారం పొద్దున అతను వీధి దాటి ఆరోగ్యమ్మ దగ్గరికి వచ్చాడు.

"అక్కా, పేపర్లో నా పేరు ఉందా?"

"లేదు తమ్ముడూ."

"మరి నేనేనని వాళ్లకెట్టా తెలుసు?"

ఆరోగ్యమ్మ బొరుగులు తిప్పింది.

"పంపిస్తే పంపిస్తారు గానీ," అన్నాడతను నెమ్మదిగా, "ఏ వైపుకి పోవాలక్కా? నేను ఏరు దాటింది లేదు. అవతల నాకు ఎవరున్నారు? కుల్సుం అడుగుతోంది, అక్కడ మనింటికి తలుపులు ఉంటయ్యా నాన్నా అని. ఏం చెప్పను?"

అతను పోయాక ఆమె పొయ్యి ఆర్పలేదు గానీ చెయ్యి ఆగిపోయింది. ఒక మంగలం బొరుగులు మాడిపోయాయి. ఆమె మనసులో ఆ వార్త మళ్లీ మళ్లీ చదువుకుంటోంది, మాస్టారి గొంతుతో. లాంతరును ముమ్మారు ఊపి. ముమ్మారు. బెజవాడ రేవు వార్తలో ఎన్నిసార్లు ఊపారో లేదు. అసలు ఊపడమే లేదు. అవతలి రేడియో మూడు అనలేదు. చూశామన్నవాళ్లు అందరూ మూడు అన్నారు, కానీ పేపరు వచ్చాక. పేపరుకు ముందు ఈ భూమి మీద మూడుసార్లు అన్న మనిషి ఒక్కతే. ఆ మనిషి ఇప్పుడు మంగలం ముందు కూర్చుని ఉంది.

ఆమె కొంగు దులుపుకుని లేచి రిజిస్ట్రారు ఆఫీసు వైపు నడిచింది. అక్కడ చెట్టు కింద రాత బల్ల వేసుకుని దస్తావేజులు రాసే లక్ష్మీనరసు కూర్చునేవాడు. తీరిక దొరికితే పేపరుకు వార్తలు రాసి కార్డు మీద పంపేవాడు. పేపరు వాళ్లు అచ్చయిన వరుసకు ఇంత అని డబ్బిచ్చేవారు. ఏమీ జరగని రోజు వరుసలుండవు.

"నరసూ, దీపాల సంగతి నీకెవరు చెప్పారు?"

"అట్టా అడక్కూడదు. విశ్వసనీయ వర్గం."

"దానికి పేరు లేదా?"

"పేరు చెబితే ఇంక విశ్వాసమేం ఉంటది ఆరోగ్యమ్మత్తా?"

"కోటయ్యా?"

లక్ష్మీనరసు కలం తుడుచుకున్నాడు. "కోటయ్య చానా ఊళ్లు తిరిగే మనిషి."

"నువ్వు మిద్దె చూశావా?"

"రాసేవాడు చూడక్కర్లా. చూసినోడు చెబితే చాలు. అందుకే కదా 'తెలియవచ్చినది' అని వేసేది. నేను చూశానని ఎక్కడైనా రాశానా?"

రాయలేదు. ఆమెకు ఆ వార్త అక్షరం అక్షరం గుర్తుంది. నిజంగా రాయలేదు.

"సరే, ఇప్పుడు కాదని రాయి."

"నా వార్త తప్పని నేనే రాస్తే ఇంక నా కార్డు చించి పారేస్తారు. కావాలంటే మీరు రాయించి పంపండి, ఖండన అని వేస్తారు. వేస్తారులే, ఎప్పుడో ఒకప్పుడు."

ఆమె కోటయ్యను బండి దగ్గర పట్టుకుంది. కోటయ్య ఆశ్చర్యపోయాడు.

"ఏంది పిన్నీ, నువ్వే గదా చెప్పింది! మూడుసార్లన్నావు గూడా. మనూళ్లో మిద్దె మీద దీపమంటే సాయిబుదే గదా అని నరసుకి నేను తేల్చి చెప్పా. నువ్వు పేపరు చూసే చెబుతావని నాకు తెలవదా?"

"నేను పేపరెట్టా చూస్తానురా? నాకు చదవటం రాదు!"

"అందుకే నమ్మా. చదువొచ్చినోళ్లయితే కల్పించి చెబుతారు."

ఆ మధ్యాహ్నమే ఐజాక్ మాస్టారి చేత ఆమె ఖండన రాయించింది. మాస్టారు రాస్తూ రెండుసార్లు ఆమె మొహం చూశాడు. కార్డు సాయంత్రం రైలుకే వెళ్లింది. అదృష్టం, పేపరు వాళ్లు వేశారు. ఆదివారం మధ్యాహ్నం వచ్చిన పేపర్లో, నాలుగో పేజీలో, తలనూనె కిందా, తప్పిపోయిన ఎద్దు పైనా, రెండు వరుసలు: మాచర్ల దీపముల వార్త నిరాధారమని ఒక పాఠకురాలు తెలుపుచున్నారు.

మాస్టారు చదివాడు. మొదటి వార్త చదివిన గొంతుతోనే చదివాడు. ఎవరూ తల తిప్పలేదు. ఒకరు, ఎద్దు ఎవరిదో అని అడిగారు. ఇంకొకరు, "సాయిబులు ఎవరి చేతో రాయించి ఉంటారు" అన్నారు. పాఠకురాలు పక్కనే పొయ్యి ముందు కూర్చుని ఉంది. చదువు రాని పాఠకురాలు ఎవరో ఎవరికీ తట్టలేదు.

సాయంత్రం అరుగు నిండిపోయింది. మహజరు కాగితం బల్ల మీద పరిచి, గాలికి ఎగరకుండా లక్ష్మీనరసు సిరాబుడ్డి పెట్టాడు. వీధికి అవతల గులాం మొహిద్దీన్ కొట్టు తలుపులు వేసి ఉన్నాయి. ఒక తలుపు సందులోంచి కుల్సుం కన్ను ఒకటి కనిపిస్తోంది.

అంకిరెడ్డి మాట్లాడాడు. దేశం, ధర్మం, జాగ్రత్త. చివర్లో, సభల్లో అలవాటు ప్రకారం, "ఎవరికైనా ప్రశ్నలుంటే అడగండి" అన్నాడు. ఆ మాట అన్నాక ఎవరూ అడగరు. అదీ అలవాటే.

ఆరోగ్యమ్మ లేచింది.

"నాది ప్రశ్న కాదు రెడ్డిగారూ. జవాబు. కోటయ్య అడిగిన దానికి నేను తప్పు జవాబు చెప్పా. దిద్దుకుంటా."

"ఇప్పుడు బొరుగుల సంగతి కాదు ఆరోగ్యమ్మా."

"బొరుగుల్లోనుంచే వచ్చింది ఈ గొడవ."

అని ఆమె మొదలుపెట్టింది. ఆ సోమవారం మాస్టారు చదివిన పేపరు మొత్తం, మొదటి పేజీ నుంచి అప్పజెప్పింది. ఎక్కడ ఏ వార్త, రేవు లాంతరు అయిదు వరుసలు, చివరి రెండింట్లో చేపలు. మాస్టారు పాత పేపర్ల కట్ట విప్పి, ఆ రోజుది తీసి, వేలు పెట్టి చూసుకుంటూ తల ఊపాడు. తర్వాత కోటయ్య ఏమన్నాడు, తానేమంది. మూడుసార్లు అన్నది ఎవరు. అది నరసుకు ఎట్టా చేరింది.

"రేడియో చెప్పింది పేపరు చూసి. రెండో పేపరు రాసింది మొదటి పేపరు చూసి. మొదటి పేపరుకి చెప్పింది నరసు. నరసుకి కోటయ్య. కోటయ్యకి నేను. నాకు ఎవరూ చెప్పలా. జనం రేడియోకి పోతన్నారని నోటికొచ్చింది అన్నా. నరసు రాసిన విశ్వసనీయ వర్గం నేనే."

అరుగు మీద ఎవరో నవ్వి ఆపుకున్నారు. అంకిరెడ్డి మొహం గంటు పెట్టుకున్నాడు.

"పేపరు సంగతి సరే. కళ్లతో చూసినోళ్లు పదకొండు మంది ఉన్నారు. వాళ్లూ నీ నోట్లోంచే వచ్చారా?"

"అడుగుదాం రెడ్డిగారూ. ఏ రోజు చూశారో చెప్పమనండి."

ఒక్కొక్కరూ చెప్పారు. శనివారం. శనివారం. ఆదివారం. సోమవారం. అందరూ శుక్రవారం తర్వాతే.

"పదేళ్లుగా ఆ మిద్దె మీద రోజూ దీపం వెలుగుతోంది," అంది ఆరోగ్యమ్మ. "పేపర్లో పడేదాకా మీలో ఒక్కరికీ కనపడలా. ఆ శనివారం వెలిగిన లైటు ఎవరిదో తెలుసా? రెడ్డిగారి పెద్దమ్మాయి పెళ్లికి కొన్న పెట్రోమాక్స్. లోపల వెలిగే సిలికు చిరిగిందని మీ పాలేరే తెచ్చిచ్చాడు. అప్పుడు నేను ఇక్కడే ఉన్నా. నీలం గుడ్డలో చుట్టుకొచ్చాడు. ఇంకా ఆ కొట్లోనే ఉంది, భయపడి ఎవరూ తీసకపోలా."

అంకిరెడ్డి మహజరు వంక చూశాడు. దాంట్లో మొదటి వరుసలో, ఫలానా మిద్దె మీద వెలుగుచున్న దీపము శత్రువులకు సైగ నిమిత్తమని రాసి ఉంది. దాని కింద మొదటి సంతకం ఆయనదే.

"ఆ లైటు మాదేనా?" అన్నాడు.

"మీదే."

అంకిరెడ్డి సిరాబుడ్డి పక్కకు జరిపి కాగితం తీసుకుని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. "ఇంకొంచెం విచారించాల్సిన అవసరం కనపడతంది" అని సభ ముగించాడు. జనం లేచి, బట్టలు దులుపుకుని, నేరుగా ఆరోగ్యమ్మ ముందు నుంచే నడిచి పోయారు. ఒక్కరూ బొరుగులు కొనలేదు. ఒక ముసలాయన మాత్రం ఆగి, "ఇన్నాళ్లూ నువ్వు చెప్పినవన్నీ ఇట్టాంటివేనా?" అని అడిగాడు. ఏవి ఇట్టాంటివో, ఏవి కావో ఆమెకు గుర్తుంది. చెప్పుకుంటూ పోతే తెల్లారేది. ముసలాయన అంతదాకా ఆగలేదు.

వీధి అవతల తలుపు తెరుచుకుంది. గులాం మొహిద్దీన్ బయటికొచ్చి అంకిరెడ్డి లైటు నీలం గుడ్డతో సహా పాలేరుకు అందించాడు. ఆరోగ్యమ్మ వైపు ఒకసారి చూసి లోపలికి పోయాడు. కుల్సుం మాత్రం వచ్చి, పొయ్యి దగ్గర చతికిలబడి, ఆ సాయంత్రం మాడిన బొరుగులు ఏరి తింది.

మూడో రోజు పేపర్లో మాచర్ల మళ్లీ పడింది. మత సామరస్యానికి మాచర్ల ఆదర్శమనీ, అంకిరెడ్డిగారి సమయస్ఫూర్తి వల్ల పెద్ద ఉపద్రవం తప్పిందనీ, ప్రజలు హర్షం వెలిబుచ్చుచున్నారనీ మా విలేఖరి రాశాడు. తొమ్మిది వరుసలు. ఆరోగ్యమ్మ పేరు లేదు, మిద్దె పేరు లేదు. మాస్టారు చదివి, ఆమె వంక చూసి, దగ్గాడు. ఆమె బొరుగులు తిప్పింది.

తర్వాతి సోమవారం పొద్దున ఏదో పెద్దదే జరిగింది. స్టేషన్లో గుంటూరు వైపు రైళ్లు ఆగాయన్నారు. పోలీసులు కొందరు లారీలో ఏటి వైపు పోయారు. పంచాయతీ రేడియో బ్యాటరీ అయిపోయి మూగగా కూర్చుంది. పేపరు రేపటి దాకా రాదు. వారం రోజులుగా ఆమె మొహం చూడని జనం మళ్లీ మంగలం చుట్టూ చేరారు. అందరికన్నా ముందు కోటయ్య.

"పిన్నీ, మన సైన్యం నైజాంలోకి పోయిందంటన్నారు. నిజమేనా?"

"తెలియదు."

"పోనీ, ఎన్ని రోజుల్లో అయిపోద్దంటావు?"

"తెలియదురా. రేపు పేపరొచ్చాక మాస్టారిని అడుగు."

కోటయ్య ఆమె మొహంలోకి పరీక్షగా చూశాడు. చుట్టూ ఉన్నవాళ్లూ చూశారు. గుంపులో గుసగుస మొదలైంది.

"ఆరోగ్యమ్మే తెలియదంటంది," అన్నాడు కోటయ్య పక్కవాడితో, గొంతు తగ్గించి. "అంటే చానా పెద్దదే. పైనుంచి చెప్పొద్దన్నట్టున్నారు."

ఆ మాట వీధి మొదలుకు చేరేసరికి రిజిస్ట్రారు ఆఫీసు దగ్గర లక్ష్మీనరసు బల్ల సొరుగు లాగాడు. ఆరోగ్యమ్మకు మంగలం దగ్గర్నుంచే కనిపిస్తోంది. కార్డు తీసి, కలం సిరాలో ముంచి, ఒకసారి ఆకాశం వంక చూశాడు.

ఆరోగ్యమ్మ అట్లకాడ పారేసి, మంగలం పొయ్యి మీదే వదిలేసి, చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని వీధిలో పరుగెత్తింది.

"నరసూ! ఒరేయ్ నరసూ! ఎవరు చెప్పార్రా నీకు?"